వరలక్ష్మి తర్వాత వంశీ ఎందుకు వచ్చాడు? తెలుగు పేర్ల వరుస గొడవ

గోదారి_గట్టు (ప్రశ్న వేసినవారు)

నమస్కారం అందరికీ. మా హైస్కూల్ పూర్వ విద్యార్థుల డైరెక్టరీ అచ్చు వేయిస్తున్నాం. 600 పైచిలుకు పేర్లు, అన్నీ తెలుగులోనే. ప్రూఫు తీసి మా పాత తెలుగు మాస్టారికి చూపిస్తే ఎర్ర సిరాతో బాణాలు గీసి వెనక్కి పంపారు. "ఇదేం అకారాదిరా, మీకు అక్షరమాల చెప్పింది నేనేనా" అని మార్జిన్‌లో ఒక వాక్యం కూడా రాశారు.

పేర్లను మొదట బ్రౌజర్ పేజీలో `localeCompare` తో వరుస పెట్టాను. నా కంప్యూటర్ భాష ఇంగ్లిష్. వచ్చిన వరుస ఇది:

```
కల్యాణి, కళావతి, కవిత
రాజ్‌కుమార్, రాజ్యలక్ష్మి
వనజ, వరలక్ష్మి, వంశీ, వసంత
```

మా తమ్ముడు అదే ఫైల్‌ను పైథాన్‌లో `sorted()` చేస్తే ఇలా వచ్చింది:

```
కల్యాణి, కళావతి, కవిత
రాజ్యలక్ష్మి, రాజ్‌కుమార్
వంశీ, వనజ, వరలక్ష్మి, వసంత
```

మాస్టారి బాణాల ప్రకారమైతే వనజ కంటే వంశీ ముందుండాలి, రాజ్యలక్ష్మి కంటే రాజ్‌కుమార్ ముందుండాలి, కళావతి కంటే కవిత ముందుండాలి. అంటే రెండు పద్ధతులూ తప్పే, పైగా ఒక్కోటి ఒక్కో చోట తప్పు. ఎందుకిలా?

---

బైట్‌రాజు

సింపుల్ అన్నా. యూనికోడ్ చేసినవాళ్లు విదేశీయులు, తెలుగు రాదు. అక్షరాలకు నంబర్లు ఇష్టమొచ్చినట్టు ఇచ్చేశారు. సాఫ్ట్‌వేర్ ఆ నంబర్లు చూసి వరుస పెడుతుంది. పేర్లు తక్కువే కాబట్టి చేత్తో సరిచేసేయ్, అయిపోతుంది.

---

శీను_డీటీపీ

మా షాపులో కూడా ఇదే ప్రాబ్లం అండీ. పాత ఫాంట్‌లో టైప్ చేసిన పెళ్లి లిస్టు ఎక్సెల్‌లో సార్ట్ కొడితే "అ" పేర్లు మధ్యలో ఎక్కడో వచ్చాయి. ఫాంట్ మారిస్తే సరిపోతుంది. ఏ ఫాంట్ వాడారు మీరు?

---

నిశాచరి

శీను గారూ, మీది వేరే జబ్బు. పాత ఫాంట్లలో స్క్రీన్ మీద కనిపించేది "అ" అయినా ఫైల్‌లో ఉండేది ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. సార్ట్ జరిగేది ఆ గుర్తుల మీద. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, అంతకు ముందు ఏం చేసినా వృథా. గోదారి గట్టు గారి పేర్లు యూనికోడ్‌లోనే ఉన్నాయి, ఇక్కడికి కాపీ చేసి చూశాను. ఫాంట్ మారిస్తే అక్షరాల అందం మారుతుంది, వరుస మారదు.

బైట్‌రాజు, నువ్వన్నదాంట్లో సగమే నిజం. `sorted()` నంబర్లు చూసే వరుస పెడుతుంది, అది సరే. కానీ ఆ నంబర్లు ఇష్టమొచ్చినట్టు ఇచ్చినవి కావు, బయటివాళ్లు కనిపెట్టినవీ కావు. మన దేశంలో తయారైన ఇస్కీ అనే ప్రమాణం నుంచి యూనికోడ్ వాటిని తీసుకుంది. ఇస్కీలో దేశభాషలన్నిటికీ ఒకటే పట్టిక. దేవనాగరి క ఏ గడిలో ఉంటే తెలుగు క కూడా ఆ గడిలోనే. ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చడం తేలికవ్వాలని అలా చేశారు.

నిజానికి ఆ పట్టిక వరుస బాగానే ఆలోచించి పెట్టింది. అచ్చుల తర్వాత హల్లులు, హల్లుల తర్వాత గుణింతపు గుర్తులు, వాటి తర్వాత పొల్లు. అందుకే కమల తర్వాత కాంతమ్మ, కాంతమ్మ తర్వాత కిరణ్, అందరి తర్వాత క్రాంతి వస్తారు. ఇదంతా వట్టి నంబర్లతోనే సరిగ్గా వస్తోంది. 600 పేర్లలో మాస్టారు ఎన్ని బాణాలు గీశారో లెక్కపెట్టండి, చాలా తక్కువే ఉంటాయని నా అంచనా.

---

గోదారి_గట్టు

లెక్కపెట్టాను. 31 బాణాలు.

---

నిశాచరి

ఆ 31 మూడు గుంపులే అయ్యుంటాయి: సున్న, ళ, కనిపించని అక్షరం. ఒక్కోటీ చెప్తాను.

ముందు వంశీ సంగతి. మీ బ్రౌజర్ నంబర్లు చూడలేదు. అది యూనికోడ్ వాళ్ల వరుస పద్ధతిని వాడింది. అందులో పోలిక మెట్లు మెట్లుగా జరుగుతుంది. మొదటి మెట్టులో అసలు అక్షరాలు చూస్తారు. అక్కడ తేడా ఏమీ లేకపోతేనే రెండో మెట్టులో గుర్తుల తేడాలు చూస్తారు. ఫ్రెంచి é మీద గీత లాంటివి రెండో మెట్టువి. భాష ఏదో చెప్పనప్పుడు మన సున్నను కూడా ఆ గీతతో జమకట్టి రెండో మెట్టుకు తోసేశారు. అంటే మొదటి మెట్టులో వంశీలో సున్న లేనట్టే. బ్రౌజర్ దాన్ని "వశీ" అని చదివింది. వనజలో న, వరలక్ష్మిలో ర, వశీలో శ, వసంతలో స. న, ర, శ, స వరుసే కదా. అందుకే వంశీ అక్కడికి పోయి కూర్చున్నాడు.

మీ లిస్టులో సంపత్, సతీష్, సరళ ఉంటే చూడండి. సంపత్ మధ్యలోకి వచ్చి ఉంటాడు.

తెలుగు అని చెప్తే ఇది సరిపోతుంది. తెలుగుకు పెట్టిన అదనపు నియమంలో సున్నను ఔ తర్వాత, క కంటే ముందు, మొదటి మెట్టులోనే నిలబెట్టారు:

```
perlu.sort(new Intl.Collator('te').compare)
```

ఇంకో సంగతి. `localeCompare` కు భాష పేరు ఇవ్వకపోతే అది చూసేవాళ్ల బ్రౌజర్ భాషను తీసుకుంటుంది. మీ పేజీని తెలుగు సెట్టింగ్‌లో తెరిచినవాళ్లకు ఒక వరుస, ఇంగ్లిష్‌లో తెరిచినవాళ్లకు ఇంకో వరుస కనిపిస్తుంది. "నాకు బాగానే వస్తోందే" అనే వాదనలు మొదలయ్యేది ఇక్కడే.

---

గోదారి_గట్టు

సంపత్ మధ్యలోనే ఉన్నాడండీ! 'te' పెట్టగానే పైకి వచ్చాడు. వంశీ కూడా.

---

బైట్‌రాజు

ఒక్క నిమిషం. సున్న ముందెందుకు రావాలి అసలు? బళ్లో క, కా, కి... కౌ, కం, కః అనే చదివాం. కం చివర వస్తుంది. ఆ లెక్కన కౌసల్య తర్వాత కంచు రావాలి. మాస్టారు కూడా తప్పే అయ్యుండొచ్చు కదా.

---

పుటల_వాసన

నేను ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి, రెండు మాటలు చెప్తాను. బైట్‌రాజు గారి ప్రశ్న తీసిపారేసేది కాదు. గుణింతం చదివే వరుస వేరు, నిఘంటువు పేర్చే వరుస వేరు. బ్రౌన్ నిఘంటువు తెరవండి. అంకం, అంగడి మొదటి పుటల్లోనే తగులుతాయి, అకారం కంటే ముందు. అచ్చులో మనకు అలవాటైన వరుస అది. గుణింతాన్ని నమ్ముకుని నిఘంటువులో కంచం కోసం క విభాగం చివరికి వెళ్తే దొరకదు.

సంస్కృత నిఘంటువుల్లో మూడో పద్ధతి ఉంది. సున్న తర్వాత ఏ వర్గపు అక్షరం ఉంటే ఆ వర్గపు అనునాసికంగా లెక్కేస్తారు. కంకణంలో సున్న ఙ, కంబళంలో సున్న మ. అలా చూస్తే కంబళం కమలకు పొరుగున ఉండాలి. సంస్కృత పండితుడెవరైనా మీ డైరెక్టరీ దిద్దితే బాణాలు ఇంకో రకంగా ఉండేవి. మీ మాస్టారు తెలుగు పండితుడు కావడం మీ అదృష్టం.

---

సీతాకోక

నాదీ ఇలాంటిదే ఒక తలనొప్పి, ఇక్కడ అడగొచ్చా? మేం నలుగురం మా జిల్లా మాండలికం పదాలు సేకరించి ఒక చిన్న వెబ్ నిఘంటువు పెట్టాం. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8. "కల" ఎక్కించాక "కలం" ఎక్కిద్దామంటే "Duplicate entry" అంటోంది. "పద", "పదం" కూడా అంతే. రెండూ వేర్వేరు మాటలు కదా! డేటాబేస్‌కు తెలుగు సపోర్ట్ లేదా?

---

నిశాచరి

అడిగి మంచి పని చేశారు. వంశీ జబ్బే, ఇంకా ముదిరిన దశలో. మీ టేబుల్ `utf8mb4_0900_ai_ci` లో ఉంటుంది, 8లో డిఫాల్ట్ అదే. ఆ పేరులో `ai` అంటే రెండో మెట్టు అసలు చూడొద్దని. సున్నను ముందే రెండో మెట్టుకు తోసేశారు, ఇప్పుడు ఆ మెట్టు కూడా తీసేశారు. ఇక కల, కలం దానికి ఒకటే. ఇది నడిపి చూడండి, 1 వస్తుంది:

```
SELECT 'కల' = 'కలం' COLLATE utf8mb4_0900_ai_ci;
```

ఆ కాలమ్‌ను `utf8mb4_0900_as_cs` కు మారిస్తే రెండు మాటలూ ఎక్కుతాయి. కానీ వరుస మాత్రం సరిపడదు, ఎందుకంటే సున్న ఇంకా రెండో మెట్టులోనే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ 8లో తెలుగుకంటూ విడిగా వరుస లేదు. `utf8mb4_bin` పెడితే వట్టి నంబర్ల వరుస వస్తుంది. మన విషయంలో, విచిత్రంగా, అదే నయం. సున్న నంబరు 0C02, క నంబరు 0C15. కాబట్టి సున్న ముందుకే వస్తుంది.

---

సీతాకోక

అమ్మయ్య. `as_cs` పెట్టాను, కలం ఎక్కింది. మూడు వారాలుగా "కలము" అని రాసి ఎక్కిస్తున్నాం 😅

---

గోదారి_గట్టు

సీతాకోక గారి పని అయింది కానీ నా రాజ్‌కుమార్ ఇంకా మిగిలాడు. పైథాన్‌లో రాజ్యలక్ష్మి తర్వాత ఎందుకు వచ్చాడు? జ్ తర్వాత ఒకరికి క, ఇంకొకరికి య. క ముందు కదా?

---

నిశాచరి

ఇది నడిపించి ఏమొస్తుందో చెప్పండి:

```
print([hex(ord(c)) for c in "రాజ్‌కుమార్"])
```

---

గోదారి_గట్టు

`['0xc30', '0xc3e', '0xc1c', '0xc4d', '0x200c', '0xc15', '0xc41', '0xc2e', '0xc3e', '0xc30', '0xc4d']`

మధ్యలో ఆ 200c ఏంటి? మిగతావన్నీ c తో మొదలయ్యాయి.

---

నిశాచరి

అదే కనిపించని అక్షరం. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా కిందకి దిగకుండా ఆపుతుంది. అది లేకపోతే జ కింద క వత్తు పడి "రాజ్కుమార్" అవుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని చడీచప్పుడు లేకుండా పెట్టేస్తాయి. దాని నంబరు మొత్తం తెలుగు అక్షరాలన్నిటికంటే పెద్దది. `sorted()` జ్ తర్వాత 200C కి, య కి పోటీ పెట్టింది, య గెలిచింది.

బ్రౌజర్ పద్ధతిలో ఈ అక్షరాన్ని లెక్కలోకే తీసుకోరు. అందుకే అక్కడ రాజ్‌కుమార్ సరిగ్గా వచ్చాడు.

దయచేసి దాన్ని డేటాలోంచి తీసేయకండి. తీసేస్తే అచ్చులో పేరు రూపం మారిపోతుంది, ఆ పేరుగల పెద్దమనిషి మీ ఇంటికి వస్తాడు. వరుస పెట్టేటప్పుడు మాత్రం పట్టించుకోకుండా ఉండాలి, అంతే. ఒకే మనిషి పేరు రెండుసార్లు ఎక్కిందేమో కూడా చూడండి. ఒక చోట ఆ అక్షరంతో, ఒక చోట లేకుండా ఉంటే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులే.

శైలజ, వైదేహి లాంటి పేర్లు కూడా ఒకసారి చూడండి. ఐత్వం ఒకే గుర్తుగా ఉండొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో ముక్క కలిపి రెండు గుర్తులుగానూ ఉండొచ్చు. కంటికి తేడా తెలీదు. `unicodedata.normalize('NFC', peru)` అంటే రెండూ ఒకటవుతాయి.

---

గోదారి_గట్టు

600లో 44 పేర్లలో 200c ఉంది. ఒకాయన నిజంగానే రెండుసార్లు ఉన్నాడు! చందా రెండుసార్లు అడిగామేమో అని ఇప్పుడు టెన్షన్.

ఇక మిగిలింది ళ. 'te' పెట్టినా కవిత కంటే కళావతే ముందొస్తోంది.

---

పుణె_పిల్ల

మరాఠీలో కూడా ళ హ తర్వాతే వస్తుంది. ఇక్కడ మాకు సరిగ్గానే వస్తుందే? నేను మరాఠీ లిస్టులు రోజూ చేస్తాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

---

నిశాచరి

మరాఠీకి ఆ నియమం విడిగా రాసిపెట్టారు కాబట్టి మీకు వస్తోంది. తెలుగుకు సున్న సంగతి రాశారు, ళ సంగతి రాయలేదు. ఇస్కీ ఉమ్మడి పట్టికలో ల పక్క గడి ళ ది. మన అక్షరమాలలో య ర ల వ శ ష స హ అయ్యాక ళ, క్ష, ఱ వస్తాయి. ఉమ్మడి పట్టికలో ర, ఱ, ల, ళ పక్కపక్కనే ఉన్నాయి. ఆ వరుసే ఇప్పటికీ నడుస్తోంది.

కావాలంటే మనమే నియమం రాసుకోవచ్చు. బ్రౌజర్‌లో కుదరదు, పైథాన్‌లో పైఐసీయూతో కుదురుతుంది:

```
import icu
c = icu.RuleBasedCollator("&హ < ళ")
perlu.sort(key=c.getSortKey)
```

---

గోదారి_గట్టు

కవిత, కళావతి సరిపోయారు. కానీ వంశీ మళ్లీ వరలక్ష్మి తర్వాతకి పోయాడు!! సంపత్ కూడా. నాకు పిచ్చెక్కుతోంది.

---

నిశాచరి

అయ్యో, తప్పు నాదే, తొందరలో రాశాను. అలా సొంత నియమం ఇస్తే అది తెలుగు మీద కాదు, ఏ భాషా కాని మూల వరుస మీద పనిచేస్తుంది. తెలుగు సున్న నియమం అందులో ఉండదు. రెండూ కలిపి ఇవ్వాలి:

```
niyamam = "&ఔ < ఁ < ం < ః &హ < ళ"
c = icu.RuleBasedCollator(niyamam)
```

పోస్ట్‌గ్రెస్ 16 నుంచి `CREATE COLLATION` లో `provider = icu, locale = 'te'` అని, దానితోపాటు `rules = '&హ < ళ'` అని ఇవ్వొచ్చు. అక్కడ తెలుగు నియమం పోకుండా దానిమీద ఇది చేరుతుంది.

---

పుటల_వాసన

నిశాచరి గారూ, ళ ను హ తర్వాతకి పంపే ముందు ఒక్క మాట. కల్యాణి, కళ్యాణి ఒకే పేరు, రాసేవాళ్ల ఇష్టాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడున్న వరుసలో ఇద్దరూ దగ్గర దగ్గరే ఉంటారు. మాస్టారి వరుసలో మధ్యలోకి కవిత, కస్తూరి వచ్చి పడతారు. ల తో రాశారో ళ తో రాశారో గుర్తులేని పాత స్నేహితురాలు డైరెక్టరీలో వెతికితే ఏ వరుస పనికొస్తుంది? నేనైతే నిఘంటువుకు అక్షరమాల వరుస, పేర్ల పట్టికకు ల పక్కన ళ అంటాను. ఉమ్మడి పట్టిక వాళ్లు తెలిసి చేశారో తెలియక చేశారో, పేర్లకు మేలే చేశారు.

---

పుణె_పిల్ల

మరి క్ష? మరాఠీలో దాన్ని విడి అక్షరంగా చివర పెడతాం. మీరూ అలా చేస్తే లక్ష్మి ఎక్కడికి పోతుంది?

---

నిశాచరి

మంచి ప్రశ్న. నియమంలో `< ళ < క్ష` అని కలిపితే క్ష ఎక్కడున్నా ఒకే అక్షరం అవుతుంది, పేరు మొదట్లోనే కాదు. అప్పుడు లక్ష్మి లలిత, లహరి అయ్యాక వస్తుంది. మన నిఘంటువుల్లో క్షణం, క్షమ క విభాగంలోనే చివర ఉంటాయి కాబట్టి నేను కలపను. కానీ బడి చార్టులో ళ పక్కనే క్ష ఉంది. ళ కు చార్టు, క్ష కు నిఘంటువు అంటే మాస్టారు ఒప్పుకుంటారా అన్నది మీరే తేల్చుకోండి.

---

సూర్యకాంతం_మనవరాలు

ఇంతకీ ఇంటిపేరుతోనా, పేరుతోనా? మా నాన్న పేరు అన్ని లిస్టుల్లో "కె. సత్యనారాయణ". ఒక చోట క లో ఉంటాడు, ఒక చోట స లో. మా బాబాయిది అదే ఇంటిపేరు, ఆయన "కొ." అని రాసుకుంటాడు. అన్నదమ్ములిద్దరూ ఏ పుస్తకంలోనూ పక్కపక్కన ఉండరు.

---

పుటల_వాసన

అమ్మా, దానికి ఏ నియమమూ లేదు. ఇంగ్లిష్ అక్షరం పలికితే "కె.", తెలుగు అక్షరం రాస్తే "కొ.". ఇంటిపేరు విడి గడిలో పూర్తిగా రాయించుకోవడం ఒక్కటే దారి.

---

గోదారి_గట్టు

ఇంటిపేర్లకు ఫారంలో విడి గడి పెట్టలేదు. వచ్చే ముద్రణకి చూద్దాం, ఈసారికి అసలు పేరుతోనే.

కొత్త ప్రూఫు మాస్టారికి పంపాను. సున్న, 200c రెండూ ఒప్పుకున్నారు. పుటల వాసన గారి మాట విని ళ ను ల పక్కనే ఉంచి, కల్యాణి సంగతి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "సరే, పేర్లకైతే ఉండనీ" అన్నారు. తర్వాత, "నా పాత వ్యాసాలన్నీ పదసూచికతో వేయిస్తావా, అందులో వాఁడు, వేఁడి అన్నీ అరసున్నలతోనే ఉంటాయి" అని అడిగారు. నియమం అలాగే నడిపి చూశాను. వాఁడు వాకిలి కంటే ముందుకి పోయింది, వాడు ఎక్కడో కింద ఉంది. నిశాచరి గారూ?

---

నిశాచరి

తెలుగు నియమంలో అరసున్నను కూడా సున్నలాగే మొదటి మెట్టులో పెట్టారు, దాని ఫలితం అది. నియమంలోంచి `< ఁ` తీసేసి చూడండి. అప్పుడు అది మూల వరుస ప్రకారం రెండో మెట్టుకి పోతుంది, వాడు పక్కనే వాఁడు వస్తుంది. వంశీని చెడగొట్టిన పద్ధతే ఇక్కడ పనికొస్తోంది. కాకపోతే మాస్టారికి అరసున్న మాట ముందుండాలా, మామూలు మాట ముందుండాలా అడగండి. డిఫాల్ట్‌గా మామూలుది ముందొస్తుంది.

---

పుటల_వాసన

అరసున్నది ముందుండాలని నేనంటాను.

---

బైట్‌రాజు

మళ్లీ మొదలు 🙏